జాగ్రత్త: సంఖ్యలు రెట్టింపు చేసే ఆ స్క్రిప్టు కొనకండి, అందులో కాల్‌బ్యాకే లేదు

ఒళ్లు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నా. టెక్స్ట్ ఫైల్ ఇస్తే ప్రతి లైనులో ఉన్న సంఖ్యలన్నీ రెట్టింపు చేసి ఇస్తుందని అమ్ముతున్నారే, ఆ పైథాన్ స్క్రిప్టు గురించే. ఏదో మీకు అర్థమయ్యే ఉంటుంది. పేజీ మీద పెద్ద అక్షరాలతో "రెజెక్స్ కాల్‌బ్యాక్‌తో పనిచేస్తుంది" అని ఉంటుంది. అంటే ప్యాటర్న్‌కి సంఖ్య తగిలిన ప్రతిసారీ ఒక ఫంక్షన్‌ని పిలిచి, అదిచ్చిన జవాబుని ఆ చోట పెట్టాలన్నమాట. ఆ ఒక్క మాట నమ్మి కొన్నాను.

నా దగ్గరున్నది విడిభాగాల జాబితా. ఆర్డరు రెండింతలైంది కాబట్టి అన్నీ రెట్టింపు చేయాలి. ఒక లైను ఇదిగో:

```
బోల్టులు 2, నట్లు 4, వాషర్లు 12
```

రావాల్సింది 4, 8, 24. స్క్రిప్టు ఇచ్చింది 8, 8, 18. బోల్టులు నాలుగింతలు, వాషర్లు ఒకటిన్నర రెట్లు! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, "పూర్తయింది" అని పచ్చరంగులో ఒక టిక్కు మాత్రం ఉంది.

అమ్మినాయనకి స్క్రీన్‌షాట్ పంపాను. వచ్చిన జవాబు చదవండి: "నట్లు 8 కరెక్టుగానే వచ్చాయి కదండీ. ఒకటి కరెక్టుగా వచ్చిందంటే స్క్రిప్టు పనిచేస్తున్నట్టే. మిగతావి మీ ఫైల్ ప్రాబ్లం." మూడింట్లో ఒకటి సరిగ్గా వస్తే రెండు తప్పులు నావట! ఆహా, ఏం లెక్క!

అప్పుడు ఫైల్ తెరిచి చూశాను. అసలు పని చేసే భాగమంతా ఇంతే:

```python
for n in re.findall(r"\d+", line):
    line = line.replace(n, str(int(n) * 2))
```

కాల్‌బ్యాక్ ఎక్కడ? భూతద్దం పెట్టి వెతికినా లేదు. ముందు సంఖ్యలన్నీ ఏరుకుని, తర్వాత ఒక్కోదాన్నీ మామూలు `replace`తో లైనంతా మార్చేస్తున్నాడు. పై లైనులో ఏం జరిగిందో చూడండి. మొదట 2 వంతు. లైనులో 2 అనే అంకె ఎక్కడ కనిపిస్తే అక్కడ 4 అయిపోతుంది, 12లో ఉన్న 2 కూడా. దాంతో లైను 4, 4, 14 అయింది. తర్వాత 4 వంతు. ఇప్పుడే రెట్టింపైన బోల్టుల 4, అసలు నట్ల 4, ఆ 14లోని 4, అన్నీ 8 అయ్యాయి. అంటే 8, 8, 18. చివర 12 కోసం వెతికితే అది లైనులో లేనే లేదు, కాబట్టి చడీచప్పుడు లేకుండా వదిలేసింది. నట్లు సరిగ్గా రావడం స్క్రిప్టు గొప్పతనం కాదు, వాటి వంతు వచ్చేసరికి వాటిని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

డెమోలో మాత్రం భలే పనిచేసింది. ఎందుకు పనిచేయదు? డెమో లైనులో ఉన్నవి 3, 5, 7. వాటి రెట్టింపు 6, 10, 14. ఒకదాని జవాబులో ఇంకోదాని అంకె లేదు, కాబట్టి గొడవ బయటపడదు. ఆ మూడూ అనుకోకుండా పడ్డాయా, ఏరి పెట్టారా అన్నది మీ ఊహకే వదిలేస్తున్నా. డెమో చూసి మురిసిపోయిన నా తెలివికి ఒక దండం.

ఇదంతా వివరంగా రాసి పంపితే "అప్‌డేట్" అని ఒకటి వచ్చింది. మార్పల్లా `replace`కి చివర 1 అని తగిలించడం, అంటే మొదట కనిపించిన ఒక్కచోటే మార్చడం. మళ్లీ అదే లైను ఇచ్చాను. 8, 4, 24 వచ్చింది. ఈసారి వాషర్లు బాగయ్యాయి, నట్లు చెడిపోయాయి! 2 మారి 4 అయింది. ఆ తర్వాత 4 కోసం వెతికితే మొదట తగిలింది ఆ కొత్త 4. దాన్ని 8 చేసింది, అసలు నట్లు అలాగే మిగిలిపోయాయి. ఈ సంగతి చెబితే "రెజెక్స్ రానివాళ్లకి మేం సపోర్ట్ ఇవ్వలేం" అని జవాబిచ్చి నన్ను బ్లాక్ చేశాడు. రెజెక్స్ రానిది ఎవరికో మీరే చెప్పండి.

నిజంగా కాల్‌బ్యాక్‌తో చేస్తే పని ఇంతే. ఉచితంగా తీసుకోండి:

```python
import re

def double(m):
    return str(int(m.group()) * 2)

line = "బోల్టులు 2, నట్లు 4, వాషర్లు 12"
print(re.sub(r"\d+", double, line))
```

దీనికి నా లైను ఇస్తే 4, 8, 24 వచ్చాయి. ఇక్కడ `re.sub` పాత లైనుని ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. సంఖ్య తగిలిన ప్రతిసారీ మన ఫంక్షన్‌ని పిలుస్తుంది, అదిచ్చిన జవాబుని కొత్త లైనులో పెట్టి ముందుకి కదులుతుంది. పెట్టినదాన్ని మళ్లీ చదవదు, కాబట్టి కొత్త 4ని చూసి మోసపోయే ప్రసక్తే లేదు. 12ని కూడా `\d+` మొత్తంగా పట్టుకుంటుంది, అందులోంచి 2ని విడదీయదు. ఫంక్షన్ పేరు ఒక్కటే ఇవ్వాలి, పక్కన బ్రాకెట్లు పెట్టకూడదు. అది తిరిగిచ్చేది స్ట్రింగ్ అయి ఉండాలి. `str` మర్చిపోతే పైథాన్ `TypeError` ఇస్తుంది. ఎర్రర్ వస్తే నయమే, ఆ స్క్రిప్టులా పచ్చటిక్కు పెట్టి ముంచదు.

దీనికీ హద్దులున్నాయి, దాచడం దేనికి. 2.5 ఇస్తే 4.10 వస్తుంది, ఎందుకంటే చుక్కకి అటూ ఇటూ ఉన్నవి దానికి రెండు వేరు సంఖ్యలు. నా జాబితాలో ఇంకో చిక్కు ఉంది. `M8` అనేది బోల్టు సైజు, అది `M16` అయిందంటే ఆర్డరంతా గోవిందా. ఇంగ్లీషు అక్షరానికి అంటుకున్న సంఖ్యల్ని వదిలేయాలంటే ప్యాటర్న్ ఇలా ఉండాలి:

```python
r"(?<![A-Za-z\d])\d+"
```

ఆ చదరపు బ్రాకెట్లలో `\d` అనవసరం అనుకుని తీసేయకండి. తీసేస్తే `M12`లో 1ని వదిలేసి 2ని పట్టుకుంటుంది, `M14` చేసి పెడుతుంది.

ఇలాంటివి కొనేవాళ్లు డబ్బు కట్టకముందే అమ్మేవాళ్లకి `2, 4, 12` ఉన్న లైను పంపి, ఫలితం చూపించమనండి. డెమో లైను వాళ్లది కాదు, మీదై ఉండాలి. కొనేసినవాళ్లు ఫైల్ తెరిచి `findall` పక్కనే `replace` ఉందేమో చూడండి. ఉంటే ఇప్పటిదాకా మార్చిన ఫైళ్లన్నీ అసలువాటితో పోల్చుకోండి. ఒకసారి రాసేశాక 8ని చూసి అది 2 నుంచి వచ్చిందో 4 నుంచి వచ్చిందో చెప్పడం కుదరదు, అసలు ఫైల్ లేకపోతే వెనక్కి తిప్పే దారి లేదు. రీఫండ్ అడిగాను, బ్లాక్ చేసినవాడు ఇస్తాడా ఏంటి.