అడ్వాన్స్ అందిందన్నారు, తేదీ మాత్రం చెప్పలేదు: పల్వరైజర్ ఆర్డర్ ఇచ్చేవాళ్లకు హెచ్చరిక

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు చోళ్లు, మిరప, పసుపు ఆడించే మిల్లు పెట్టుకోవాలనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బయట రాష్ట్రం తయారీదారుకు అడ్వాన్స్ పంపిన సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది. మీ డబ్బు ఎటు పోతుందో ఆ మెసేజ్‌లోనే తెలిసిపోతుంది. కాబట్టి దాన్ని జాగ్రత్తగా చదవండి.

మేం అడిగింది పది హెచ్‌పీ మోటారు, బ్లోయర్, గాలినుంచి పిండిని వేరుచేసే సైక్లోన్, పిండి పట్టే గుడ్డ సంచులతో కలిపి ఒక పల్వరైజర్, అంటే పొడి కొట్టే మిషన్. ధర లక్షా ఎనభై వేలు, సగం అడ్వాన్స్. పోయిన ఏడాది ఆగస్టు 18న తొంభై వేలు ఎన్ఈఎఫ్‌టీ చేశాం. సాయంత్రానికి జవాబు వచ్చింది: "పేమెంట్ అందింది, ధన్యవాదాలు. త్వరలో ప్రొడక్షన్ మొదలవుతుంది. ప్రొడక్షన్ మొదలైన 25 నుంచి 30 పని దినాల్లో డిస్పాచ్."

పైకి చూస్తే ఇందులో అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. ఆదివారాలు తీసేసినా సెప్టెంబరు మూడు, నాలుగు వారాల్లో మిషన్ బయలుదేరాలి. చోళ్ల కోతలు నవంబరులో మొదలవుతాయి కాబట్టి బిగించుకోవడానికి మాకు చాలినంత సమయం ఉంటుంది. ఆ లెక్కతోనే గది అద్దెకు తీసుకున్నాం, త్రీ ఫేజ్ కనెక్షన్ పెట్టించాం. మిషన్ తిరిగినా తిరగకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ పడుతూనే ఉంటుంది.

కానీ ఆ 30 రోజులు ఎప్పటినుంచి లెక్క? ప్రొడక్షన్ మొదలైన రోజు నుంచి. అది ఎప్పుడు మొదలవుతుంది? త్వరలో. అంటే గడియారం వాళ్ల చేతిలోనే ఉంది. వినాయక చవితి వెళ్లాక ఫోన్ చేస్తే డ్రాయింగ్‌కు మీ ఆమోదం రాలేదు, అందుకే మొదలుపెట్టలేదన్నారు. అప్పటిదాకా డ్రాయింగ్ అనేది మాకు పంపనే లేదు. పంపిన రోజే సరే అని రాశాం. ఆ తర్వాత మోటారు రాలేదన్నారు. ఆ తర్వాత దసరా, ఆయుధ పూజ, పనివాళ్లు ఊళ్లకు వెళ్లారన్నారు. ప్రతిసారీ ఆ 25-30 రోజులు మళ్లీ మొదటినుంచి మొదలయ్యేవి.

ఈ పని తెలిసినవాళ్లను అడిగితే అసలు విషయం తెలిసింది. ఇలాంటి మిషన్‌లో రేకు కోసి బాడీ వెల్డింగ్ చేయడం కొద్ది రోజుల పని. ఆలస్యమయ్యేవి బయటినుంచి కొనే సామాన్లు, ముఖ్యంగా మోటారు, బేరింగులు. వాటికి వాళ్లు ఆర్డర్ పెట్టలేదంటే మీ డబ్బు ఇంకెవరి మిషన్‌కో వాడుతున్నారని అనుమానించాలి. అందుకే ప్రొడక్షన్ ఎప్పుడు మొదలవుతుందని అడిగి ఊరుకోకండి. మోటారు ఏ కంపెనీది, ఆర్డర్ పెట్టారా, ఎప్పుడు చేతికి వస్తుంది అని అడగండి. నిజంగా పని మొదలుపెట్టినవాడు ఈ మూడింటికీ తడుముకోడు.

అక్టోబరు చివర్లో ఒక ఫొటో పంపి, మిషన్ రెడీ, మిగతా తొంభై వేలు వేస్తే రేపే బండి ఎక్కిస్తామన్నారు. ఫొటో పెద్దది చేసి చూశాం. నీలం రంగు మెరుస్తోంది గానీ మోటారు మీద నేమ్ ప్లేట్ ఉండాల్సిన చోట నాలుగు రివెట్ రంధ్రాలు తప్ప ఏమీ లేవు. మిషన్ లోపలి గది తలుపు తెరిచి బీటర్లు, జల్లెడ కనిపించేలా వీడియో తీయండి, ట్రయల్ రన్ చేసి చూపించండి అన్నాం. ఆ వీడియో ఇప్పటికీ రాలేదు. మేం బ్యాలెన్స్ వేయలేదు. డబ్బు వాపసు అడిగితే, అందులో కొంత డ్రాయింగ్, డిజైన్ ఖర్చు కింద పోయిందని కొత్త మాట ఎత్తారు.

ఆ మాట వాళ్లు అనగలిగారంటే రశీదు లేకపోవడం వల్లే. వాళ్లిచ్చింది ప్రొఫార్మా ఇన్‌వాయిస్ మీద 'అడ్వాన్స్ రిసీవ్డ్' అన్న ముద్ర మాత్రమే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న అమ్మకందారు అడ్వాన్స్ తీసుకుంటే రిసీట్ వోచర్ ఇవ్వాలని సీజీఎస్టీ చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. అందులో ఏమేం ఉండాలో 50వ రూల్ చెబుతుంది: వరుస నంబరు, తేదీ, ఇద్దరి వివరాలు, సరుకు పేరు, అందిన మొత్తం, సంతకం. ఏ సరుకు కోసం డబ్బు తీసుకున్నారో అక్కడ రాసి ఉంటే, అది డిజైన్ ఖర్చని తర్వాత మాట మార్చడం కష్టం. సరుకు పంపకుండా డబ్బు తిరిగిస్తే రీఫండ్ వోచర్ ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

మనవైపు వాళ్లు రాష్ట్రం పేరు తప్పకుండా చూసుకోవాలి. పక్కనే పాతపట్నం ఉండటంతో, మనం తెలుగులో మాట్లాడటంతో, చాలామంది మనది ఆంధ్ర అనుకుని కాగితాల్లో అలాగే రాసేస్తారు. పర్లాకిమిడి ఒడిశా, జీఎస్టీలో రాష్ట్ర కోడ్ 21. ఆంధ్రకు 37. రిసీట్ వోచర్‌లోనే ఇది సరిగా ఉంటే తర్వాత ఇన్‌వాయిస్‌లోనూ ఈ-వే బిల్లులోనూ తప్పు దొర్లదు. యాభై వేలు దాటిన సరుకు వేరే రాష్ట్రానికి రావాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. కాబట్టి బండి ఎక్కించామంటే ఆ నంబరు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ఎల్ఆర్ నంబరు, అంటే లారీ రశీదు నంబరు అడగండి. డిస్పాచ్ అంటే వాళ్ల ఊళ్లో లారీ ఆఫీసుకు అప్పగించడమేనని కూడా గుర్తుంచుకోండి. అక్కడినుంచి బరంపురం గోడౌన్‌లో దిగి, వేరే బండి ఎక్కి మన దగ్గరికి రావడానికి పట్టే రోజులు అదనం.

అడ్వాన్స్ వేసిన రోజున వాళ్లనుంచి రావాల్సిన జవాబు ఇలా ఉండాలి: "ఆగస్టు 18న ఫలానా యూటీఆర్ నంబరుతో 90,000 రూపాయలు అందాయి. ఇది పది హెచ్‌పీ పల్వరైజర్ సెట్ ధరలో భాగం. డ్రాయింగ్ ఆగస్టు 21లోపు పంపుతాం. మీరు రెండు రోజుల్లో ఆమోదిస్తే ఆగస్టు 25న ప్రొడక్షన్ మొదలవుతుంది. ట్రయల్ రన్ వీడియో పంపాక సెప్టెంబరు 22 నుంచి 29 మధ్య డిస్పాచ్. గడువు ఈ ఆర్డర్‌లో ముఖ్య షరతు. సెప్టెంబరు 29 దాటితే ఆర్డర్ రద్దు చేసుకుని అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు." వాళ్లు ఇలా రాయకపోతే మీరే రాసి పంపి, ఒప్పుకున్నట్టు జవాబు రప్పించుకోండి. ఇదంతా అడ్వాన్స్ వేయకముందే మాట్లాడుకుంటే ఇంకా మంచిది. ఆ జవాబులోని చివరి రెండు వాక్యాలను మాత్రం వదలొద్దు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం గడువు ముఖ్య షరతు అయితేనే, అది దాటినందుకు ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వస్తుంది. కాకపోతే నష్టపరిహారం అడగడం వరకే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మిషన్ మీద మీరే పనిచేసుకుంటూ దాంతోనే బతికేవాళ్లయితే వినియోగదారుల చట్టం మీకూ వర్తిస్తుంది. కేసు వేయడానికి అమ్మినవాడి ఊరు వెళ్లక్కర్లేదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మేం లాయరు నోటీసు పంపాక నలభై వేలు తిరిగొచ్చాయి. మిగిలిన యాభై వేల కోసం గజపతి జిల్లా కమిషన్‌లో వేయడానికి వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటు తేదీల వారీగా ప్రింటు తీసి ఉంచాం.