మామూలు డిజిటల్ వాచీతో పరుగు, వంట: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

నా చేతికున్నది రబ్బరు పట్టీ ఉన్న మామూలు డిజిటల్ వాచీ. స్టాప్‌వాచ్, కౌంట్‌డౌన్ టైమర్ ఉన్నాయి, ల్యాప్ మెమరీ లేదు. ఏళ్ల తరబడి ట్రాక్ మీదా, పొయ్యి దగ్గరా ఇదే వాడుతున్నాను, ఇష్టంగానే.

ఇలాంటి వాచీలో ల్యాప్ అనుకుని చాలామంది నొక్కేది నిజానికి స్ప్లిట్. నొక్కగానే తెర మీద అంకెలు ఆగుతాయి, లోపల లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. కనిపించేది మొదటి నుంచి గడిచిన మొత్తం సమయం, ఆ ఒక్క చుట్టుది కాదు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లకు 1:52, 3:48, 5:47, 7:41 వచ్చాయనుకోండి. ఒకదాంట్లోంచి దాని ముందుది తీసేస్తే చుట్ల సమయాలు 1:52, 1:56, 1:59, 1:54. మూడో చుట్టులో వేగం బాగా తగ్గిందన్నమాట. ఆయాసపడుతూ ఈ తీసివేతలు చేయలేం. అందుకే నేను చుట్టుకు రెండు నిమిషాలని ముందే అనుకుని 2, 4, 6, 8 నిమిషాలతో పోల్చుకుంటాను. 5:47 కనబడితే 13 సెకన్లు ముందున్నానని చూడగానే తెలుస్తుంది.

అంకెలు చూసుకున్న వెంటనే అదే బటన్ మళ్లీ నొక్కి స్ప్లిట్ వదిలించాలి. మర్చిపోతే తర్వాతి చుట్టు చివర నొక్కినప్పుడు అంకెలు ఆగడానికి బదులు కదలడం మొదలుపెడతాయి, ఆ చుట్టు లెక్క పోయినట్టే. నా వాచీలో స్ప్లిట్‌లో ఉన్నంతసేపూ తెర మీద SPL అని కనబడుతుంది, నేను చూసేది దాన్నే. సెకనులో వందో వంతు అంకెల్ని మాత్రం పట్టించుకోను. వేలు నొక్కడంలోనే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

వంటలో కౌంట్‌డౌన్ బాగా పనికొస్తుంది. మరుగుతున్న నీళ్లలో గుడ్లు వేసి 7 నిమిషాలు పెడితే సొన మధ్యలో కాస్త మెత్తగా ఉంటుంది, 10 పెడితే గట్టిపడుతుంది. గుడ్డు సైజును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇబ్బందల్లా బీప్‌తోనే. చిన్నగా మోగుతుంది, కొన్ని సెకన్లకే ఆగిపోతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే వినబడదు. మోగాక తెర మళ్లీ 7:00 చూపిస్తుంది, అది అయిపోయి ఎంతసేపైందో చెప్పదు. అందుకని టైమర్‌తో పాటు స్టాప్‌వాచ్ కూడా ఆన్ చేసి వదిలేస్తాను. మోడ్ మార్చినా రెండూ వాటి దారిన అవి నడుస్తాయి. స్టాప్‌వాచ్‌లో 7:40 కనబడితే 40 సెకన్లు ఎక్కువ ఉడికిందని అర్థం, వెంటనే చల్లనీళ్లలో వేసేయొచ్చు. మోగగానే టైమర్ మళ్లీ 7:00 నుంచి దానంతటదే లెక్కపెట్టే ఆటో రిపీట్ ఉన్న వాచీ అయితే ఈ అవస్థ ఉండదు, 6:20 కనబడితే 40 సెకన్లు ఎక్కువైనట్టే.

కొనేముందు మోడ్‌లు ఒక్కొక్కటీ తిప్పి చూడండి. చాలామంది చేతుల్లో కనిపించే కేసియో F-91Wలో కౌంట్‌డౌన్ లేదు, స్టాప్‌వాచ్ 59:59.99 వరకే. పరుగు గంట దాటే అలవాటుంటే, లేదా వంటకు టైమర్ కావాలంటే వేరేది చూసుకోవాలి.