అరకిలో ప్యాకెట్టా, రాగి పిండా: ఏది మేలు?

చిన్న చిన్న ఆహార యూనిట్లకు లెక్కలు చూసే పని నాది. ఈ ఏడాది ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు: "కొత్త సరుకు దించితే పాతది పడిపోతుందా? పడినా పర్వాలేదా?" ముగ్గురికీ విడివిడిగా చెప్పడం కన్నా మా ఇంట్లోనే జరిగిన లెక్క చెప్పడం తేలిక. మా బావకు బెంగళూరులో, కె.ఆర్. పురం దగ్గర ఇడ్లీ, దోసెల పిండి యూనిట్ ఉంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు షాపులకు వేస్తాడు. అంకెలు అర్థమయ్యేలా కాస్త గుండ్రం చేశాను, పన్నులు పక్కన పెట్టాను.

ఇప్పుడున్నది కిలో ప్యాకెట్. షాపుకు 64 రూపాయలకు వేస్తాడు. బియ్యం, మినప్పప్పు, కరెంటు, కవరు, డెలివరీ కలిపి 40 పోతాయి, 24 మిగులుతాయి. కొత్తగా రెండు ఆలోచనలు వచ్చాయి. ఒకటి అదే పిండి అరకిలో ప్యాకెట్: మిగులు 13, నెలకు 6,000 పోతాయని అంచనా, నింపే మిషన్‌కు 6 లక్షలు. రెండోది రాగులతో రుబ్బిన ఇడ్లీ, దోసెల పిండి, కిలో ప్యాకెట్: మిగులు 30, నెలకు 2,000, వేరే గ్రైండర్‌కు మూడున్నర లక్షలు.

"ఆరు వేలు ఇంటూ పదమూడు, నెలకు డెబ్బై ఎనిమిది వేలు. ఎనిమిది నెలల్లో మిషన్ డబ్బు వచ్చేస్తుంది కదరా" అన్నాడు బావ.

"ఆ ఆరు వేల ప్యాకెట్లు కొనేవాళ్లలో ఇప్పటిదాకా నీ కిలో ప్యాకెట్ కొన్నవాళ్లు ఎంతమంది బావా?" అన్నాను.

అందుకని ముందు రెండు షాపుల్లో నాలుగు వారాలు అరకిలో పెట్టి చూశాం, చేత్తో నింపి. 200 అమ్ముడయ్యాయి. అదే సమయంలో ఆ షాపుల్లో కిలో ప్యాకెట్లు 300 నుంచి 210కి పడ్డాయి. చూడగానే కొత్త ప్యాకెట్ పాతవాటిలో 90 అమ్మకాలు తినేసినట్టే అనిపిస్తుంది. కానీ అది మే నెల, సెలవులకు సగం జనం ఊళ్లకు పోయారు. అరకిలో పెట్టని షాపుల్లో కూడా కిలో అమ్మకం పదో వంతు తగ్గింది. అంటే 300లో 30 ఎలాగూ పోయేవే. అరకిలో తిన్నది 60. కొత్తవి 100 అమ్మితే పాతవి 30 పోతున్నాయన్నమాట. పక్కన పోల్చుకోవడానికి మామూలు షాపులు లేకపోతే ఈ అంకె 45గా కనబడేది.

ఇంకో చిక్కు ఉంది. వారానికి కిలో కొనే ఇల్లాలు రెండు అరకిలోలు కొంటే మనకు 24 బదులు 26 వస్తాయి, నష్టమేమీ లేదు. ఒక్కటే కొని ఊరుకుంటే 24 పోయి 13 వస్తాయి. అందుకే "ఎంతమంది మారారు" అని కాకుండా, ఎన్ని కొత్త ప్యాకెట్లకు ఎన్ని పాత ప్యాకెట్లు పోయాయని లెక్కపెట్టాలి. 13ని 24తో భాగిస్తే 0.54. నూరు అరకిలోలకు 54 కిలో ప్యాకెట్లు పోతే మనం ఊరికే మిషన్ తిప్పినట్టు. అది దాటితే చేతి నుంచి పోతుంది.

రాగి పిండిని వేరే రెండు షాపుల్లో ఇలాగే చూశాం. నూరు అమ్మితే మామూలు పిండి 70 పడింది. బావ అక్కడే వద్దన్నాడు. 70 వినడానికి భయంగానే ఉంటుంది, కానీ దాన్ని మిగులుతో కలిపి చూడాలి. నూరు రాగి ప్యాకెట్లు 3,000 తెస్తాయి, పోయిన 70 ప్యాకెట్ల మిగులు 1,680. చేతిలో 1,320 ఉంటుంది. నూరు అరకిలోలు 1,300 తెచ్చి 720 పోగొడతాయి, మిగిలేది 580. ఎక్కువ తినే సరుకే ప్యాకెట్‌కు ఎక్కువ మిగిల్చింది.

అసలు వచ్చే అదనపు డబ్బు ఇదీ: అరకిలోతో నెలకు 34,800, రాగితో 26,400. బావ చెప్పిన 78,000 సగానికి పైగా కరిగిపోయింది, ఎనిమిది నెలలు పదిహేడు నెలలయ్యాయి. మూడేళ్లలో వచ్చే డబ్బును ఏడాదికి 15 శాతం వడ్డీ చొప్పున ఇవాళ్టి విలువకు తగ్గించి, పెట్టుబడి తీసేస్తే అరకిలోకు సుమారు 3.5 లక్షలు, రాగికి 3.7 లక్షలు. ఇంత దగ్గరగా వస్తే అంకెలు తీర్పు చెప్పవు.

చట్నీ పొడి కూడా అనుకున్నాం. అది దేన్నీ తినదు, కాకపోతే ఇంత చిన్న అమ్మకానికి ఇంకో సరుకు తలనొప్పి ఎందుకని వదిలేశాం.

నా దృష్టిలో తీర్పు చెప్పేది వేరే ప్రశ్న. మనం దించకపోతే ఆ కిలో అమ్మకం మన దగ్గరే ఉండేదా? ఎలాగూ పోయే అమ్మకాన్ని కొత్త సరుకు ఖాతాలో నష్టంగా రాయకూడదు. అలాగని దీన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొత్తది దించాలని ముచ్చటపడేవాళ్లందరూ "మనం తినకపోతే పక్కవాడు తింటాడు" అనే చెబుతారు. రుజువు కావాలి. బావ ఆర్డర్ పుస్తకంలో అది దొరికింది. వేరే కంపెనీ అరకిలో వచ్చిన షాపుల్లో రెండు నెలల్లో మన కిలో ఆర్డర్లు తగ్గాయి. మనం అరకిలో పెట్టి పోగొట్టుకున్నదానిలో సుమారు సగం మేర. ఆ కంపెనీ వ్యాన్ ఇప్పుడు మిగతా వీధుల్లోకీ వస్తోంది.

అందుకని 30లో 15 మాత్రమే అరకిలో మీద వేశాను. పోటీ ఉన్నప్పుడు మన అరకిలో కూడా 6,000 పోదు కాబట్టి అమ్మకం 4,500కు తగ్గించాను. రెండోది చాలామంది మర్చిపోతారు. అప్పుడు నూటికి 940, నెలకు 42,300. మూడేళ్లకు ఐదున్నర లక్షల పైమాట. రాగికి ఈ మినహాయింపు ఇవ్వలేదు. రాగి ముద్ద తినే ఊళ్లో ఆ పిండి ఎన్నాళ్లనుంచో ఫ్రిజ్‌లలో ఉంది, దానికోసం మనల్ని వదిలేవాళ్లు ఎప్పుడో వదిలేశారు. ఇప్పుడు పోయే 70 మన చేతులారా పోయేవే.

అరకిలోకే మిషన్ ఆర్డర్ పెట్టాం. డబ్బు తక్కువ ఉండి, పోటీ కంపెనీ మీ వీధికి రాకపోతే నేనైతే రాగికే ఓటు వేస్తాను.

ఇప్పుడు ప్రతి శనివారం షాపువారీగా రెండు అంకెలు రాస్తున్నాం, ఎన్ని అరకిలోలు వెళ్లాయి, కిలోలు ఎన్ని తగ్గాయి అని. 54 అనే అంకెను బావ ఫ్రిజ్ తలుపు మీద మార్కర్‌తో రాసుకున్నాడు. పీజీల పక్కనున్న షాపులో నూటికి 10 కూడా దాటలేదు, అక్కడి కుర్రాళ్లు ఇదివరకు పిండే కొనేవాళ్లు కాదు. పెద్ద అపార్ట్‌మెంట్ లోపలి షాపులో మాత్రం 60కి చేరింది, ఆ చుట్టుపక్కల పోటీ ప్యాకెట్ కూడా లేదు. పోయిన వారం నుంచి ఆ షాపుకు అరకిలో వేయడం ఆపేశాం.