చివరి వాయిదా కట్టేశాక చిట్టీ డబ్బు రాకపోతే: ఆగడమా, రిజిస్ట్రారా, వినియోగదారుల కమిషనా? ఏది మేలు?

5 లక్షల చిట్టీ, 50 మంది, 50 నెలలు అనుకుందాం. మధ్యలో పాట పాడుకోకుండా చివరిదాకా ఉన్న సభ్యుడికి ఎంత రావాలి? 5 శాతం కమిషన్ ఒప్పందమైతే 25,000 పోను 4,75,000. ఒప్పందంలో రాసి ఉంటే జీఎస్టీ కూడా తీస్తారు. డివిడెండ్లు పోను పాసు పుస్తకంలో కట్టిన మొత్తం నాలుగు లక్షలే కనిపించవచ్చు. "మీరు కట్టింది అంతే కదా, అదే ఇస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. డివిడెండ్ సభ్యుడి హక్కు, దాన్ని చివర్లో వెనక్కి లాక్కోవడానికి లేదు.

ముందే పాట పాడుకుని, జామీనుదారులు కుదరక డబ్బు కంపెనీ దగ్గరే వదిలేసినవాళ్ల సంగతి వేరు. జామీను అడిగేది ముందు ముందు కట్టాల్సిన వాయిదాలకు భరోసాగా. చివరి వాయిదా కూడా కట్టేశాక ఇక భరోసా దేనికి? అప్పుడు కూడా "ష్యూరిటీలు తెండి" అంటుంటే అది సాకే. పైగా సభ్యుడి వల్ల ఆగిన చిట్టీ సొమ్మును వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలని 1982 చిట్ ఫండ్ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. ఆ ఖాతా వివరాలు అడగండి. జవాబు లేకపోతే డబ్బు వేరే చోటికి వెళ్లిందేమోనని అనుమానించాలి.

మొదటి దారి ఆగడం. చాలామంది చేసేది ఇదే, కంపెనీ కోరేదీ ఇదే. "వచ్చే నెల చూద్దాం", "డిపాజిట్‌గా ఉంచండి, వడ్డీ ఇస్తాం", "కొత్త చిట్టీలో సర్దుదాం" అంటారు. డిపాజిట్ కాగితం మీద సంతకం పెడితే చిట్టీ బాకీ తీరినట్టు రాసుకునే అవకాశం ఉంది. అప్పుడు చిట్టీ రక్షణ పోయి మామూలు అప్పుగా మిగులుతుంది. నా మాట అడిగితే ఇది అన్నిటికన్నా చెడ్డ దారి. ఆగాలనుకున్నా తేదీ వేసిన చెక్కు, బాకీ ఒప్పుకుంటూ ఉత్తరం తీసుకుని, పాసు పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

రెండోది, చిట్టీలను పర్యవేక్షించే ప్రభుత్వ అధికారి అయిన డిప్యూటీ రిజిస్ట్రార్ ఆఫ్ చిట్స్ దగ్గర అదే చట్టం 64వ సెక్షన్ కింద వివాదం వేయడం. రిజిస్టర్డ్ చిట్టీ అయితే నేను దీనివైపే మొగ్గుతాను. కారణం, మీ గ్రూపు కాగితాలు అక్కడే ఉంటాయి. ప్రతి పాట మినిట్స్ నకలు, చిట్టీ నడిపే ఫోర్‌మన్ అక్కడ దాఖలు చేయాలి. ఆ నెల పాట ఎవరిది, ఎంత అన్నది అందులో ఉంటుంది. పాసు పుస్తకంలో ఒక వాయిదాకు సంతకం లేకపోయినా రసీదు, యూపీఐ ఎంట్రీ, మినిట్స్ కలిపి చూపితే లెక్క నిలబడుతుంది. అంతకన్నా ముఖ్యం, గ్రూపు మొదలయ్యేటప్పుడే ఫోర్‌మన్ కనీసం చిట్టీ మొత్తానికి సమానమైన సెక్యూరిటీ రిజిస్ట్రార్ పేర పెట్టి ఉంటాడు. చిట్టీ ముగిశాక, అందరి బాకీలు తీరాయని చూపించి దాన్ని విడిపించుకుంటాడు. అందుకే చివరి వాయిదా అయిన వెంటనే "నాకు ఇంకా రావాలి, సెక్యూరిటీ వదలొద్దు" అని ఒక అర్జీ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలి. ఈ ఒక్క పని ఆలస్యమైతే చేతిలో ఉన్న ఆధారమే జారిపోతుంది. కాకపోతే ఆ సెక్యూరిటీ దాదాపు ఒక చిట్టీ మొత్తం మేరకే. అదే గ్రూపులో బాధితులు చాలామంది ఉంటే అందరికీ చాలదు. అప్పుడు కంపెనీ ఆస్తుల జప్తు కూడా అడగాలి. ఫోర్‌మన్ ఇవ్వాల్సిన డబ్బుకు 3 ఏళ్ల గడువు ఉంది.

మూడోది జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు. అసలుతో పాటు వడ్డీ, మానసిక వేదనకు పరిహారం కూడా అడగొచ్చు. గడువు మాత్రం 2 ఏళ్లే. చిట్టీ వివాదాలు రిజిస్ట్రార్‌కే వెళ్లాలని కంపెనీ లాయరు మొదటి విచారణలోనే అభ్యంతరం లేవనెత్తొచ్చు, దానికి సిద్ధపడాలి. కంపెనీ బాగానే నడుస్తూ, మీ ఒక్కరి డబ్బే ఇవ్వకుండా తిప్పుతుంటే ఇది పనికొస్తుంది. శాఖలు మూతపడుతుంటే రిజిస్ట్రార్ దగ్గరికే పరిగెత్తాలి.

వీధిలో నడిచే రిజిస్టర్ కాని చీటీకి రిజిస్ట్రార్ దారి ఉండదు. అక్కడ నిర్వాహకుడి చేతిరాతతో ఉన్న పుస్తకమే సాక్ష్యం. దాన్ని ప్రతి పేజీ ఫోటో తీసుకుని, మిగతా సభ్యులతో కలిసి పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

ఏ దారైనా, ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. గ్రూపు నంబరు, టికెట్ నంబరు, చివరి వాయిదా తేదీ, రావాల్సిన మొత్తం, 15 రోజుల గడువు, ఇంతే చాలు. పాసు పుస్తకం జిరాక్స్ జతచేయండి, అసలు మాత్రం డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వండి.