జీఎస్టీ నంబరు ఒక చిరునామా చెబుతుంది, బోర్డు ఇంకొకటి: ఐదేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో ఒక లాడ్జికి సామాన్లు కొనే పని నాది. మంచాలు, పరుపులు, గీజర్లు, ఏవైనా సరే. కొత్త దుకాణానికి అడ్వాన్సు ఇచ్చే ముందు gst.gov.in తెరిచి, `Search Taxpayer` లో వాళ్ల జీఎస్టీ నంబరు కొట్టి చూస్తాను. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, క్యాప్చా ఒక్కటి నింపితే చాలు. నంబరు కోసం ఎవరినీ అడగనవసరం లేదు. దుకాణం ప్రవేశం దగ్గరి పేరు బోర్డు మీదే అది ఉండాలని సీజీఎస్టీ 18వ నియమం చెబుతుంది. అక్కడ లేకపోతే కొటేషన్ మీద చూస్తాను.

మొదట్లో అనవసరంగా చాలామందిని అనుమానించాను. బోర్డు మీద ఒక పేరు, `Legal Name of Business` దగ్గర ఎవరో మనిషి పేరు కనిపిస్తే టెన్షన్ వచ్చేది. ఒక్కరే యజమాని అయితే అక్కడ ఆయన పేరే వస్తుంది. బోర్డుతో పోల్చాల్సింది `Trade Name` ని. చిరునామాలో జిల్లా పేరు కూడా అంతే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు రిజిస్టరైన గాంధీ రోడ్డు దుకాణానికి జిల్లా చిత్తూరు అని ఉంటే అది తప్పు కాదు. అందుకే నేను జిల్లాను వదిలేసి వీధి, డోర్ నంబరు, పిన్‌కోడ్ చూస్తాను.

అసలు పని `Principal Place of Business` దగ్గర మొదలవుతుంది. ఒకసారి 24 మంచాలు కావాల్సి వచ్చింది. రేణిగుంట రోడ్డులో మంచి షోరూమ్, ధర కూడా కుదిరింది. 60,000 అడ్వాన్సు అడిగారు. నంబరు కొట్టి చూస్తే స్టేటస్ `Active`, వ్యాపార పేరు బోర్డుతో సరిపోయింది. చిరునామా మాత్రం కొర్లగుంటలో ఒక ఇంటి మొదటి అంతస్తు.

ఇంతమాత్రాన మోసం అనలేం. ఇంటిని ప్రధాన స్థలంగా పెట్టుకుని, షోరూమ్‌ని అదనపు వ్యాపార స్థలంగా చూపించుకోవచ్చు. అది చట్టం ఒప్పుకున్నదే. నాకు ఈ పేజీతో ఉన్న పెద్ద ఇబ్బంది ఇక్కడే. లాగిన్ లేకుండా నేను చూసే చోట ప్రధాన స్థలం ఒక్కటే కనిపిస్తుంది, మిగతావి తెలియవు. అందుకని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడిగాను. దాన్ని దుకాణంలో అందరికీ కనబడేలా పెట్టాలన్నది కూడా ఆ 18వ నియమమే. సర్టిఫికెట్ వెనక ఉండే `Annexure A` లో అదనపు స్థలాల లెక్క ఉంటుంది. ఆ షోరూమ్ యజమాని దగ్గర అది సున్నా. అంటే ఆ షోరూమ్ రికార్డులో ఎక్కడా లేదు.

"రెండు నెలలైంది అన్నా ఇక్కడికి మారి. ఆడిటర్ చేస్తానన్నాడు" అన్నాడు. మార్పు జరిగిన 15 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి, అది దాటిపోయింది. సాయంత్రం కొర్లగుంట వెళ్లి చూశాను. ఆ ఇల్లు ఉంది, ఆయన్ని ఎరిగినవాళ్లు ఉన్నారు. కింద పాత దుకాణం షట్టర్ మీద చెరిగిపోయిన పేరు కూడా కనిపించింది. మనిషి నిజమే, కాగితమే వెనకబడింది. అయినా అడ్వాన్సు ఇవ్వలేదు. రేపు సరుకు రాకపోతే నా చేతిలో ఉండేది బిల్లు మీది చిరునామా ఒక్కటే, అక్కడ దుకాణమే లేదు కదా. "దరఖాస్తు పెట్టి, దానికి వచ్చే ఏఆర్ఎన్ నంబరు పంపు అన్నా, ఆర్డర్ నీకే" అన్నాను. నాలుగు రోజులకు పంపాడు. చిరునామా మార్పుకు అధికారి ఆమోదం కావాలి కాబట్టి ఇంకొంత సమయం పట్టింది. పేజీలో రేణిగుంట రోడ్డు కనిపించిన రోజే డబ్బు పంపాను. మంచాలు చెప్పిన తేదీకే దిగాయి.

చిత్తూరులో ఇంకో అనుభవం వేరుగా ముగిసింది. లాండ్రీ మెషీన్ల దుకాణం, బోర్డు మీద చిత్తూరు చిరునామా. కొటేషన్ మీద నంబరు మాత్రం 33తో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌ది 37, 33 తమిళనాడుది. పేజీలో చూస్తే వేలూరు చిరునామా వచ్చింది. అదనపు స్థలం అదే రాష్ట్రంలో ఉండాలి, వేలూరు నంబరు కింద చిత్తూరు షోరూమ్ చేరదు. వేలూరు నుంచే పంపిస్తే రాష్ట్రం దాటే అమ్మకం కాబట్టి ఐజీఎస్టీ వేయాలి, వాళ్లేమో రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశారు. 37 నంబరు ఉందా అని రెండుసార్లు అడిగినా మాట దాటేశారు. అక్కడ కొనలేదు.

చిరునామా సరిపోయిందని సరుకు మంచిదని కాదు, అది ఈ పేజీ చెప్పదు. చిరునామాల రాతలో కూడా ఒక పద్ధతి ఉండదు, డోర్ నంబరు ఒక చోట పాతది, ఒక చోట కొత్తది ఉంటుంది. పక్క దుకాణం డోర్ నంబరు చూసి లెక్క కట్టుకోవాల్సి వస్తుంది. అయినా ఇప్పటికీ ప్రతి కొత్త దుకాణానికీ ఇదే తెరుస్తున్నాను. బోర్డు దగ్గర నిలబడి ఫోన్లోనే చూస్తాను, తేడా ఉంటే లోపలికి వెళ్లి సర్టిఫికెట్ అడుగుతాను.