అధ్యాయం చివరి పేరా: జాబితానా, వాదనా, తర్వాతి అధ్యాయానికి దారా – ఏది మేలు?

పీహెచ్‌డీ థీసిస్‌లో అందరూ చివర్లో, అలసిపోయాక, గబగబా రాసేసేది అధ్యాయం ముగింపు పేరానే. పరీక్షకులు ముందుగా చదివేది కూడా చాలాసార్లు అదే, ఎందుకంటే మూడు వందల పేజీలు ముందేసుకుని కూర్చున్న మనిషి ముందు ప్రతి అధ్యాయం తోక చూసి, ఆ తర్వాత ఎక్కడ ఆగి చదవాలో తేల్చుకుంటాడు. ఈ పేరాను మూడు రకాలుగా రాయొచ్చు. ఏది ఎక్కడ పనికొస్తుందో ఒకే ఉదాహరణ మీద చూద్దాం.

ఉదాహరణ మా పర్లాకిమిడిదే. ఇక్కడి అమ్మాయి ఒకామె ఆంధ్రా వైపు యూనివర్సిటీలో చరిత్ర మీద తెలుగులో థీసిస్ రాస్తోంది. మూడో అధ్యాయం నౌపడ నుంచి పర్లాకిమిడికి, అక్కడి నుంచి గుణుపురానికి వేసిన చిన్న రైలు గురించి. రాజావారి ఖర్చుతో వేసిన రెండున్నర అడుగుల గేజి లైను అది, 1900లో నడక మొదలుపెట్టింది, 1931 నాటికి గుణుపురం చేరింది. నాలుగో అధ్యాయం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడ్డప్పుడు పడిన సరిహద్దు గురించి. పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం, ఆ పైన టెక్కలి, నౌపడ మద్రాసు వైపే ఉండిపోయాయి. పట్టాలు ముందు, గీత తర్వాత. ఈ రెండు అధ్యాయాల మధ్య అతుకు ఎలా వేయాలన్నదే సమస్య.

ఆమె మొదట రాసింది ఇలా ఉంది:

“ఈ అధ్యాయంలో పర్లాకిమిడి జమీందారీ నేపథ్యం, నౌపడ–పర్లాకిమిడి రైలు మార్గ నిర్మాణం, గుణుపురం వరకు దాని పొడిగింపు, రవాణాలో వచ్చిన మార్పులు చర్చించడం జరిగింది. నిర్మాణంలో జమీందారు పాత్రను కూడా వివరించడం జరిగింది. తర్వాతి అధ్యాయంలో ప్రావిన్సుల పునర్విభజన, దాని పర్యవసానాలను పరిశీలించడం జరుగుతుంది.”

మన దగ్గర పది థీసిస్‌లు తీస్తే తొమ్మిదింటిలో ఇదే ఉంటుంది. తప్పు అనలేం, ప్రతి మాటా నిజమే. కానీ ఇది విషయసూచికను వాక్యాలుగా మార్చడమే తప్ప, చర్చించాక ఏం తేలిందో చెప్పదు. పరీక్షించడం సులువు: ప్రతి వాక్యం చివర “అయితే ఏంటి?” అని అడగండి. రవాణాలో మార్పులు చర్చించారు, అయితే ఏంటి? సమాధానం పేరాలో లేదు, ఇరవై పేజీలు వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. చివరి వాక్యం మరీ బలహీనం. అది వరసలో తర్వాత ఏముందో చెబుతుంది కానీ, ఆ వరస ఎందుకో చెప్పదు. మూడో అధ్యాయం తీసేసి అక్కడ వ్యవసాయం మీద అధ్యాయం పెట్టినా ఆ వాక్యం చెక్కుచెదరకుండా సరిపోతుంది. అలా ఎక్కడైనా సరిపోయే వాక్యం దేన్నీ అతకదు.

అయినా ఈ రకం పూర్తిగా పనికిరానిదని కొట్టిపారేయను. యూనివర్సిటీకి విడిగా ఇచ్చే సినాప్సిస్‌లో ఏ అధ్యాయంలో ఏముందో చెప్పమంటారు, అక్కడ జాబితా చాలు. పరిశోధన పద్ధతి వివరించే అధ్యాయం చివర కూడా నడుస్తుంది, అక్కడ తేల్చడానికి పెద్దగా వాదన ఉండదు కాబట్టి. గైడ్‌గారు పట్టుబడితే ఒక్క వాక్యం జాబితాగా ఉంచుకోండి, దాని కోసం గొడవ పడక్కర్లేదు.

రెండో రకం వాదనను మాత్రమే చెప్పేది. అదే అధ్యాయాన్ని ఆమె ఇలా తిరగరాసింది:

“నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన లైను నౌపడలో హౌరా–మద్రాసు ప్రధాన మార్గంతో కలిసింది. దాంతో పర్లాకిమిడి సరుకు బయటికి వెళ్ళడానికి నౌపడే వాకిలి అయింది. లైను గుణుపురం చేరాక లోపలి ప్రాంతం సరుకు కూడా అదే వాకిలికి వచ్చింది. పర్లాకిమిడి ఏ వైపు చూడాలో పట్టాలే నిర్ణయించాయి.”

దీనికీ ముందుదానికీ పోలికే లేదు. ఇక్కడ ఒకదాని నుంచి ఒకటి పుడుతోంది: లైను అక్కడ కలిసింది కాబట్టి సరుకు అటు వెళ్ళింది, పొడిగించారు కాబట్టి ఇంకా ఎక్కువ అటు వెళ్ళింది. అధ్యాయం చదవనివాడికి కూడా వాదన తెలిసిపోతుంది. “చర్చించడం జరిగింది” అనే మాటలు వాటంతట అవే రాలిపోయాయి, ఎందుకంటే చెప్పడానికి విషయం దొరికింది.

కానీ ఈ రకంలో ఒక ప్రమాదం ఉంది, ఆ నాలుగో వాక్యంలోనే ఉంది. అధ్యాయంలో ఆమె దగ్గరున్న ఆధారాలన్నీ సరుకుల లెక్కలు, లైను గురించిన ఉత్తర ప్రత్యుత్తరాలు. అవి చూపించేది బస్తాలు ఎటు వెళ్ళాయో. “పర్లాకిమిడి ఏ వైపు చూడాలో” అనగానే చదువులు, కోర్టు పనులు, పెళ్ళి సంబంధాలు అన్నీ అందులోకి వచ్చేస్తాయి, వాటికి మూడో అధ్యాయంలో ఒక్క కాగితం కూడా లేదు. ముగింపు పేరా రాసేటప్పుడు ఊపులో ఇలా వాదన ఒక మెట్టు పైకి ఎక్కేస్తుంది, రాసినవాళ్ళకు తెలియను కూడా తెలియదు. వైవాలో మొదటి ప్రశ్న పడేది సరిగ్గా అక్కడే. దీన్ని పట్టుకోవాలంటే ముగింపులోని ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో, ఆ మాటను అధ్యాయంలో ఏ పేజీ నిరూపిస్తుందో పెన్సిల్‌తో రాయండి. నాలుగో వాక్యం పక్కన ఆమె చాలాసేపు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది.

“ఇది తీసేస్తే పేరా చప్పగా అయిపోతుంది మాస్టారూ” అంది.

“తియ్యకమ్మా, తగ్గించు. ఎంతవరకు నిజమో అంతవరకే ఉంచు, మిగిలింది ఏమిటో కూడా అక్కడే చెప్పు” అన్నాను.

మూడో రకం పుట్టింది ఈ తగ్గింపులోంచే. వాదన ఎక్కడ ఆగిపోయిందో ఒప్పుకుంటే, తర్వాతి అధ్యాయం ఎందుకు కావాలో ఆ ఒప్పుకోలులోనే ఉంటుంది. మొదటి మూడు వాక్యాలు అలాగే ఉంచి, ఆమె చివరికి ఇలా రాసింది:

“సరుకుల రాకపోకల వరకు పర్లాకిమిడి నౌపడ వైపు తిరిగిందని ఈ లెక్కలు చూపుతున్నాయి. బడి, కోర్టు పనులు కూడా అదే దారిన నడిచాయో లేదో ఇవి చెప్పవు. 1936లో సరిహద్దు ఈ లైనుకు అడ్డంగా, పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య పడింది. ఒకే లైను మీది రెండు ఊళ్ళు రెండు ప్రావిన్సుల్లోకి వెళ్ళాక ఎవరి బడి, ఎవరి కోర్టు ఎటు మారింది? ఆ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి నాలుగో అధ్యాయం దీన్ని చూస్తుంది.”

ఇందులో “తర్వాతి అధ్యాయంలో పరిశీలిస్తాం” అన్న మాట లేకపోయినా పాఠకుడు పేజీ తిప్పుతాడు, ఎందుకంటే చేతిలో ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మూడో అధ్యాయం వల్లే పుట్టింది, దాన్ని వేరేచోట పెడితే అర్థం లేదు. 1936 అన్న ఏడాది ఇక్కడ కొత్తగా వచ్చింది కదా, ముగింపులో కొత్త సంగతి పెట్టకూడదంటారు కదా అని అడగొచ్చు. ముగింపులో పెట్టకూడనిది కొత్త ఆధారం, అంటే అప్పటిదాకా చూపించని లెక్కో, ఎవరి మాటో తెచ్చి దాని మీద వాదన నిలబెట్టడం. తర్వాతి అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో చూపించే ఒక తేదీ, అదీ అందరికీ తెలిసిన తేదీ, ఆ లెక్కలోకి రాదు.

ఈ మూడో రకంలో కూడా తప్పటడుగు వేయొచ్చు. ఆమె ముందు రాసిన ప్రశ్న “ప్రజల మనసులు ఎటు మొగ్గాయి?” అని. వినడానికి బాగుంది. కానీ నాలుగో అధ్యాయంలో ఆమె దగ్గరున్నది బడుల రికార్డులు, కోర్టు పరిధులు మారిన కాగితాలు, వాటిలో మనసులు దొరకవు. అప్పుడు నాలుగో అధ్యాయం ఎంత బాగా రాసినా, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేని అధ్యాయంగా మిగులుతుంది. అందుకే ఈ పేరా చివరి రూపం తర్వాతి అధ్యాయం చిత్తుప్రతి అయ్యాకే రాయాలని నా పట్టుదల. ముందు రాసుకున్నా పర్వాలేదు, మళ్ళీ వచ్చి ప్రశ్నను జవాబుకు సరిపోయేలా కోసుకోవాలి.

ఇంకో ఇబ్బంది రెండు చివర్లా ఒకే మాట చెప్పడం. మూడో అధ్యాయం ప్రశ్నతో ముగిసింది, నాలుగో అధ్యాయం “గత అధ్యాయంలో మనం చూసినట్లుగా” అని మొదలై అదే కథ అరపేజీ మళ్ళీ చెబుతుంది. రెండు పేరాల ప్రింటు తీసి ఒకదాని కింద ఒకటి పెట్టి ఒక్క గుక్కలో చదివితే ఇది వెంటనే బయటపడుతుంది. ఆమె నాలుగో అధ్యాయం మొదటి పేరా మొత్తం కొట్టేసి, నేరుగా పాతపట్నం బడి రికార్డుతో మొదలుపెట్టింది. అతుకు ఒకవైపు గట్టిగా పడితే చాలు, రెండోవైపు మళ్ళీ కుట్టక్కర్లేదు.

మూడోదే ఎప్పుడూ మేలని కూడా అనలేను. అధ్యాయాలు ఒకదాని మీద ఒకటి నిలబడేటప్పుడే అది పనిచేస్తుంది. ఎవరైనా సిరొంచ, రాయగడ, పర్లాకిమిడి మూడు చోట్లా తెలుగు మాట్లాడేవాళ్ళ మీద మూడు విడి అధ్యాయాలు రాస్తున్నారనుకోండి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ నుంచి ఒడిశాలోని రాయగడకు కారణం చూపించే ప్రశ్న ఒకటి బలవంతంగా అల్లితే అది పచ్చి అబద్ధంలా కనిపిస్తుంది. అక్కడ రెండో రకమే మంచిది: ఆ ఊరి గురించి తేలింది చెప్పి ఆగడం, మూడింటినీ కలిపే పని తర్వాత వచ్చే పోలిక అధ్యాయానికి వదిలేయడం. థీసిస్ చివరి ముగింపు అధ్యాయానికి ముందున్న అధ్యాయానికి కూడా అంతే.

తిరగరాసే పద్ధతి గురించి ఒక్క మాట. మొదటి రకం పేరాను ముందు పెట్టుకుని దిద్దుతూ పోతే మూడో రకం రాదు, ఆ “జరిగింది”లే మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చుంటాయి. పాత పేరా మూసేసి, మీ విషయం తెలియని ఇంట్లోవాళ్ళెవరికైనా నోటితో చెప్పండి: ఏం తేల్చావు, దేన్ని బట్టి, ఇంకా ఏం తేలలేదు. ఆమె వాళ్ళ పిన్నికి చెప్పిందట. పిన్ని పాతపట్నం సంతకు వెళ్ళే మనిషి, “మరి గీత పడ్డాక పిల్లల్ని ఏ బడికి పంపారే?” అని అడిగిందట. నాలుగో అధ్యాయం ప్రశ్న దాదాపు అక్కడి నుంచే వచ్చింది. అలా నోటితో చెప్పినది రాసుకుని, ప్రతి వాక్యం పక్కనా పేజీ నంబరు వేసుకుంటే, పాతిక ముప్ఫై పేజీల అధ్యాయానికి అరపేజీ, మహా అయితే ముప్పావు పేజీ వస్తుంది. అంతకు మించి పెరిగిందంటే అందులో అధ్యాయాన్ని మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారన్నమాట, ఎక్కడ మొదలైందో చూసి అక్కడి నుంచి కొట్టేయండి.