కొత్త డొమైన్‌తో కోల్డ్ ఈమెయిల్: 16 నెలల వాడకం తర్వాత నా సమీక్ష

మాది బాలానగర్‌లో చిన్న మెషినింగ్ యూనిట్. పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలకు విడిభాగాలు చేసి ఇస్తాం. సేల్స్ నేను చూస్తాను. పుణె, కోయంబత్తూరు, చెన్నైలలోని పర్చేజ్ మేనేజర్లకు పరిచయం లేకుండానే మెయిల్ రాసి ఎంక్వయిరీలు తెచ్చుకోవడం నా పనిలో పెద్ద భాగం. దీనికోసమే విడిగా ఒక డొమైన్ కొని 16 నెలలుగా వాడుతున్నాను. మధ్యలో, కొత్త డొమైన్‌కు మెయిల్ సర్వర్ల దగ్గర మంచి పేరు తెచ్చిపెడతామనే ఒక ఆటోమేటిక్ వార్మప్ సర్వీసుకు మూడు నెలలు డబ్బు కట్టి, తర్వాత మానేశాను. ఈ సమీక్ష ఆ రెండింటి గురించి.

రెండో డొమైన్ ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మొదట్లో కంపెనీ అసలు డొమైన్ నుంచే పంపాను. ఎవరి దగ్గరో కొన్న లిస్టు నుంచి మొదటి రోజు 380 మందికి పంపితే 57 తిరిగి వచ్చాయి. వాటిలో ఎక్కువ `550 5.1.1`, అంటే ఆ అడ్రసే లేదని. నూటికి 15 బౌన్స్ అయ్యాయంటే, ఈ పంపేవాడికి తను ఎవరికి రాస్తున్నాడో తెలియదని అవతలి సర్వర్‌కు అర్థమైపోతుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో రోజుకు 2,000 వరకు పంపొచ్చు కాబట్టి 380 తక్కువే అనుకున్నాను. ఆ 2,000 ఖాతాకు పెట్టిన గరిష్ఠ పరిమితి మాత్రమే. మన డొమైన్ మీద ఉన్న నమ్మకానికి దానితో సంబంధం లేదు.

మూడో రోజు జీమెయిల్ సర్వర్లు `421` కోడ్‌తో మా మెయిళ్లను ఆపి, తర్వాత రమ్మనడం మొదలుపెట్టాయి. వారం తిరక్కముందే పాత కస్టమర్ ఒకరి అకౌంటెంట్ ఫోన్ చేశారు. "సార్, మీ ఇన్‌వాయిస్ స్పామ్‌లో పడింది, వెతికి తీశాను" అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. కొత్త ఆర్డర్లకోసం చేసిన పని, రావాల్సిన పాత డబ్బుకు అడ్డం పడింది. ఆ డొమైన్ సర్దుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి ఇన్‌వాయిస్‌లు వెళ్లే డొమైన్ మీద ఒక్క కోల్డ్ మెయిల్ కూడా పంపలేదు.

కొత్త డొమైన్ కొన్నాక చేయాల్సిన మొదటి పని డీఎన్ఎస్ రికార్డులు, అంటే మన డొమైన్ గురించి ఇతర సర్వర్లు చదువుకునే వివరాలు, పెట్టడం. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. మెయిల్ మీద డీకిమ్ ఒక సంతకం పెడుతుంది. ఆ రెండిటిలో కనీసం ఒకటైనా పాస్ కావాలి, పాసైనది పంపినవారి అడ్రస్‌లో కనిపించే డొమైన్‌దే కావాలి. ఈ సరిపోలికను చూసేది డీమార్క్. గూగుల్ వర్క్‌స్పేస్ ఒక్కటే వాడేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీమార్క్ ఇంతే:

```
v=spf1 include:_spf.google.com ~all
v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com
```

ఇక్కడ రెండు చోట్ల తడబడ్డాను. మా అసలు డొమైన్‌లో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఎవరో రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే పర్మెర్రర్ అనే దోషం వచ్చి ఏదీ పనిచేయదు. అన్నీ ఒకే లైనులోకి చేర్చాలి. రెండోది కొత్త డొమైన్‌లో. డీకిమ్ పాస్ అని కనిపిస్తోంది కదా అని ఊరుకున్నాను. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి `Show original` నొక్కి జాగ్రత్తగా చూస్తే, సంతకం మా డొమైన్‌ది కాదు, `gappssmtp.com` అని ముగిసే గూగుల్ డొమైన్‌ది. అడ్మిన్ కన్సోల్‌లో మనం కీ తయారుచేసి, డీఎన్ఎస్‌లో పెట్టి, ఆన్ చేసేదాకా గూగుల్ అలాగే తన పేరుతో సంతకం చేస్తుంది. దానివల్ల మన డొమైన్‌కు మంచి పేరేమీ చేరదు. కాబట్టి పాస్ అన్న మాటతో ఆగకుండా పక్కన ఏ డొమైన్ పేరుందో చదవండి.

ఇక వార్మప్ సర్వీసు సంగతి. అందులో చేరితే మన మెయిల్‌బాక్స్ ఒక గుంపులో కలుస్తుంది. ఆ గుంపులోని మెయిల్‌బాక్సులు ఒకదానికొకటి మెయిళ్లు పంపుకుంటాయి, తెరుస్తాయి, స్పామ్‌లో పడితే బయటకు లాగుతాయి, జవాబులూ రాస్తాయి. మనిషి ప్రమేయం ఉండదు. రెండు వారాలకే నా డాష్‌బోర్డులో ఇన్‌బాక్స్ శాతం నూటికి దగ్గరగా కనిపించింది. ధైర్యంగా రోజుకు 40 మంది అసలు కొనుగోలుదారులకు రాయడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఒక్క జవాబు రాలేదు. "వద్దు" అని రాసినవాళ్లు కూడా లేరు. ఆ పూర్తి నిశ్శబ్దమే నాకు అనుమానం తెప్పించింది. మామూలుగా అయితే కనీసం కోప్పడేవాళ్లైనా ఉంటారు.

స్నేహితుడి కంపెనీ మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంది. అతనికి అదే మెయిల్ పంపితే జంక్‌లో పడింది. మెయిల్ వెనక దాగి ఉండే సాంకేతిక వివరాలు, అంటే హెడర్లు తీయించి `X-Forefront-Antispam-Report` లైను చూశాను. అందులో `SCL:5` ఉంది, అంటే మైక్రోసాఫ్ట్ దాన్ని స్పామ్‌గా లెక్కవేసింది. డాష్‌బోర్డు అబద్ధం చెప్పలేదు. కానీ అది చెప్పింది ఆ గుంపులోని పెట్టెల సంగతి. నాకు కావాల్సింది కోయంబత్తూరులోని పర్చేజ్ మేనేజర్ పెట్టె సంగతి. అక్కడ మా డొమైన్ ఇంకా ముక్కూముఖం తెలియని కొత్త మనిషే. పైగా ఇలా కృత్రిమంగా జవాబులు పుట్టించడం గూగుల్‌కు ఇష్టం లేదు. 2023లోనే అలాంటి సర్వీసుల మీద అది కఠినంగా వ్యవహరించింది. నా మటుకు ఈ సర్వీసుకు పెట్టిన డబ్బు వృథా. మీరు కట్టవద్దనే చెబుతాను.

దాన్ని ఆపేసి చేతితో మొదలుపెట్టాను. మొదటి వారం రోజుకు 5 మెయిళ్లు, అన్నీ తెలిసినవాళ్లకే: టూల్స్ సప్లయర్, హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లు, పాత కస్టమర్లు, మా ఆడిటర్. నిజంగా జవాబు అవసరమైన పనులనే ఈ అడ్రస్ నుంచి రాశాను. రెండో వారం 10. మూడో వారం 15, అందులో 5 మాత్రం కొత్తవాళ్లకు. ఆ తర్వాత వారానికి మూడు నాలుగు చొప్పున పెంచుకుంటూ ఆరో వారానికి 25 దగ్గర ఆగాను. ఇప్పటికీ ఒక్కో మెయిల్‌బాక్స్‌కు రోజుకు 25 దాటను. రెండు మెయిల్‌బాక్సులు, నెలకు 20 పనిదినాలు, మొత్తం 1,000 మెయిళ్లు. రెండు మెయిళ్ల మధ్య ఏడెనిమిది నిమిషాల ఎడం ఉంటుంది. శని, ఆదివారాలు పంపను.

ఈ సంఖ్య ఎందుకంత చిన్నదో లెక్క చెబుతాను. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పెట్టిన నియమాల్లో, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్నది ఒకటి. 0.1 లోపు ఉంచుకోమని సలహా. రోజుకు 5,000 మెయిళ్లు పంపేవాళ్లకు ఇంకా చాలా షరతులున్నా, ఈ ఫిర్యాదుల సంగతి అందరికీ వర్తిస్తుంది. నా 1,000 మెయిళ్లలో 0.3 శాతం అంటే ముగ్గురు. నెలంతా కలిపి ముగ్గురు స్పామ్ బటన్ నొక్కితే గీత దగ్గరికి వచ్చేసినట్టే. అందుకే ప్రతి మెయిల్ చివర "మీకు అవసరం లేదంటే ఒక్క మాట రాయండి, మళ్లీ రాయను" అని పెడతాను, రాసినవాళ్లను ఆరోజే లిస్టులోంచి తీసేస్తాను. "వద్దు" అని రాసిన మనిషి నాకు మేలు చేసినట్టే, ఎందుకంటే ఆయన స్పామ్ నొక్కలేదు, పైగా జవాబిచ్చారు.

మన మెయిళ్ల మీద స్పామ్ ఫిర్యాదుల శాతం చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ కూడా పెట్టుకున్నాను. అది ఉచితం. అయితే నాలాగా తక్కువ పంపేవాళ్లకు అందులో చాలా రోజులు ఏమీ కనిపించదు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది చూపే స్పామ్ శాతాన్ని ఇన్‌బాక్స్‌కు చేరిన మెయిళ్లమీద లెక్కిస్తారు. నేరుగా స్పామ్‌లో పడినదాన్ని ఎవరూ చూడరు, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. కాబట్టి అక్కడ సున్నా కనిపిస్తే అది శుభవార్త అయినా కావచ్చు, మెయిళ్లన్నీ స్పామ్‌లోకే పోతూ ఉండొచ్చు.

అందుకే నేను నమ్మే కొలత వేరు. లిస్టు షీటులో ప్రతి కంపెనీ పక్కన వాళ్ల మెయిల్ ఎవరి దగ్గర ఉందో రాసుకుంటాను. ఇలా తెలుస్తుంది:

```
nslookup -type=mx example.com
```

జవాబులో `google.com` కనిపిస్తే గూగుల్, `mail.protection.outlook.com` కనిపిస్తే మైక్రోసాఫ్ట్. వారం చివర రెండువైపుల జవాబులను విడివిడిగా లెక్కపెడతాను. పోయిన ఏడాది ఒక దశలో గూగుల్ వైపు ఎప్పటిలాగే జవాబులు వస్తుండగా, మైక్రోసాఫ్ట్ వైపు పది రోజులు ఒక్కటీ రాలేదు. మొత్తం కలిపి చూస్తే కాస్త తగ్గినట్టే ఉండేది, మార్కెట్ మందగించిందనుకుని వదిలేసేవాడిని.

కారణం మెయిల్ లోపలే ఉంది. కొత్త సంతకంలో కంపెనీ లోగో బొమ్మ, కేటలాగ్‌కు చిన్నదిగా చేసిన లింకు పెట్టాం. ఆ లింకు కుదించే డొమైన్‌ను ఎంతోమంది వాడతారు, అందులో మోసగాళ్లూ ఉంటారు. వాళ్ల చెడ్డపేరు మనకూ అంటుకుంటుంది. మెయిల్ తెరిచారో లేదో చెప్పే ట్రాకింగ్ సాధనాల ఉమ్మడి డొమైన్లకూ ఇదే చిక్కు. స్నేహితుడికి ఒకే మెయిల్‌ను మూడు రకాలుగా పంపి చూశాను. బొమ్మ, లింకు రెండూ ఉంటే `SCL:5`. లింకు ఒక్కటి తీసేస్తే `SCL:1`, ఇన్‌బాక్స్‌కు చేరింది. రెండూ తీసేసినా అంతే. ఆ తర్వాత ట్రాకింగ్ కూడా పూర్తిగా ఆపేశాను. 2021 నుంచి యాపిల్ మెయిల్‌లోని ప్రైవసీ సదుపాయం, ట్రాకింగ్‌కోసం మెయిల్‌లో పెట్టే కనిపించని బొమ్మలను మనిషి తెరవకముందే దించుకుంటోంది కాబట్టి, తెరిచిన లెక్కను ఎలాగూ నమ్మలేం.

సబ్జెక్టులో "ఫ్రీ" అనో "ఆఫర్" అనో రాస్తే స్పామ్ అన్న భయం చాలామందికి ఉంది. నా అనుభవంలో ఆ ఒక్క మాట వల్ల ఏ మెయిలూ పడిపోలేదు. నా మొదటి మెయిల్ ఇప్పుడు ఆరేడు లైన్లే. బొమ్మ, లింకు, అటాచ్‌మెంట్ ఏవీ ఉండవు. వాళ్లు చేసే ఏ పంపులో మా ఏ విడిభాగం సరిపోతుందో రాస్తాను. కేటలాగ్ పీడీఎఫ్ వాళ్లు అడిగాకే పంపుతాను. ఇలా 1,000 మెయిళ్లకు నెలకు పాతిక నుంచి ముప్పై జవాబులు వస్తున్నాయి, సగం "వద్దు" అనేవే. మిగతావాటిలో రెండు మూడు డ్రాయింగుల దాకా వెళతాయి. మైక్రోసాఫ్ట్ వైపు జవాబులు ఇప్పటికీ గూగుల్ వైపు కన్నా తక్కువే. దానికి నాకింకా దారి దొరకలేదు. పోయిన నెల మూడో మెయిల్‌బాక్స్ తెరిచాను. రెండో వారంలో ఉంది, రోజుకు 10, అన్నీ తెలిసినవాళ్లకే.